ఈసీలో కనిపించేది ఎంత, కనిపించనిది ఎంత? మొదటిసారి ప్లాటు కొనేవాళ్ల కోసం

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్కన ఒకప్పుడు చెరకు తోటలు ఉండేవి. నిజాంసాగర్ కాలువ నీళ్లు, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఉన్నంత కాలం ఆ భూమిని అమ్మాలనే ఆలోచన రైతుకు పెద్దగా రాలేదు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి తాళం పడింది. చెరకు తగ్గింది, రాళ్లు పాతిన ప్లాట్లు పెరిగాయి. గల్ఫ్ నుంచి వచ్చిన పైసలతో, లేదా అమ్మి నగలు అమ్మి, లేదా చిట్టీ ఎత్తి 150 గజాలో 200 గజాలో కొనుక్కునే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. కొనేవాళ్లకు బ్రోకర్ చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. "ఈసీ క్లియర్ ఉంది భాయ్, ఇక భయం ఏముంది?"

ఆ మాటలో సగం నిజం ఉంది. ఈసీ తప్పకుండా చూడాల్సిన కాగితమే. కానీ అది ఏ ప్రశ్నకు జవాబు చెప్తుందో తెలియకుండా చూస్తే, జవాబు చెప్పని ప్రశ్నలకు కూడా చెప్పినట్టు అనిపిస్తుంది. ముస్లిం కుటుంబాల భూముల్లో ఈ తేడా ఇంకొంచెం ఎక్కువ. ఎందుకో కింద చూద్దాం.

అసలు ఈసీ అంటే ఏంటి

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. పాత వాళ్లు భార ధ్రువపత్రం అనేవారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులను ఎక్కించే రిజిస్టరు ఒకటి ఉంటుంది, దాన్ని ఒకటో పుస్తకం అంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద ఇది నడుస్తోంది. అమ్మకం, దానపత్రం, తాకట్టు, పార్టిషన్, హక్కు విడుదల, ఏడాదికి మించిన లీజు లాంటివన్నీ అందులో ఎక్కుతాయి. మీరు ఒక సర్వే నంబరో ప్లాటు నంబరో ఇచ్చి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ పుస్తకంలో ఏముందో చెప్పమని అడుగుతారు. వాళ్లు వెతికి ఇచ్చిన జాబితానే ఈసీ.

అంటే ఈసీ ఒక వెతుకులాట ఫలితం. "ఈ భూమి ఫలానావాడిదే" అని ఎవరూ అందులో సంతకం పెట్టరు. సబ్ రిజిస్ట్రార్ యాజమాన్యం తేల్చే జడ్జి కాదు, తన దగ్గరికి వచ్చిన కాగితాన్ని పుస్తకంలో ఎక్కించే అధికారి. ఈసీ మీదనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, దరఖాస్తుదారు ఇచ్చిన వివరాల ఆధారంగా వెతికామని. ఆ లైన్ చదివేవాళ్లు తక్కువ.

తెలంగాణలో registration.telangana.gov.in లో 1983 జనవరి 1 నుంచి ఉన్న రికార్డు దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సంబంధిత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి, చేతిరాత సూచికల్లో వెతికించుకోవాలి. ఆన్‌లైన్‌లో చూసింది మీ అవగాహన కోసం. బ్యాంకు లోనుకు మాత్రం మీసేవ ద్వారానో ఆఫీసు నుంచో తీసుకున్న సంతకం ఉన్న ఈసీ అడుగుతారు.

ఈసీ తెరిస్తే ఒక్కో లావాదేవీ ఒక్కో వరుసలో కనిపిస్తుంది. మొదట ఆస్తి వివరం, అంటే `VILL/COL`, `SURVEY`, `PLOT`, `EXTENT`, నాలుగు హద్దులు. తర్వాత మూడు తేదీలు. `Exe.Date` అంటే సంతకాలు పెట్టిన రోజు, `Pres.Date` అంటే ఆఫీసులో ఇచ్చిన రోజు, `Reg.Date` అంటే రిజిస్టర్ అయిన రోజు. ఆ తర్వాత లావాదేవీ రకం, విలువ. పక్కన పార్టీల పేర్లు. `(EX)` అని ఉంటే రాసిచ్చినవారు, `(CL)` అని ఉంటే రాయించుకున్నవారు. తాకట్టు అయితే `(MR)` తాకట్టు పెట్టినవారు, `(ME)` తీసుకున్నవారు. దానం అయితే `(DR)` ఇచ్చినవారు, `(DE)` పుచ్చుకున్నవారు. చివర దస్తావేజు నంబరు, సంవత్సరం. మొత్తం ఈసీలో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ చివరి నంబరే. దాంతో ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఈసీ కథ పేరు మాత్రమే చెప్తుంది, కథ అంతా కాపీలో ఉంటుంది.

ఒక ప్లాటు పట్టుకుని చూద్దాం

బోధన్ దగ్గర ఒక వెంచర్ అనుకుందాం. సర్వే నంబరు 112, ప్లాటు 37, 200 గజాలు. ఈ నంబర్లు, కింద వచ్చే తేదీలు ఉదాహరణ కోసం వేసుకున్నవే, ఎవరి భూమీ కాదు. కానీ ఇలాంటి వరుస ఈ ప్రాంతంలో ఏ డాక్యుమెంట్ రైటర్‌కు చూపించినా "ఇది రోజూ చూసేదే" అంటారు.

అమ్మేవాడు ఒక ఈసీ చేతిలో పెట్టాడు. ప్లాటు నంబరు 37 మీద, 2010 నుంచి ఇప్పటిదాకా. మూడు వరుసలు ఉన్నాయి. 2010లో సేల్ డీడ్, భూ యజమాని తరఫున జీపీఏ హోల్డర్ అయిన రియల్ వ్యాపారి మొదటి కొనుగోలుదారుకు అమ్మాడు. 2015లో ఆ మొదటి కొనుగోలుదారు టైటిల్ డీడ్ డిపాజిట్ చేసి బ్యాంకులో తాకట్టు పెట్టాడు. 2022లో ఆయనే ఇప్పుడు అమ్ముతున్న వ్యక్తికి సేల్ డీడ్ చేశాడు.

మొదటి చూపులో గొలుసు బాగానే ఉంది. `(CL)` పేరు తర్వాతి అమ్మకంలో `(EX)` అయింది, ఆగకుండా వచ్చింది. ఈసీ చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. నిన్న కొన్నవాడే ఇవాళ అమ్మాలి. మధ్యలో కొత్త పేరు ఊడిపడితే, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి.

కానీ 2015 తాకట్టు మళ్లీ చూడండి. దాన్ని విడిపించినట్టు ఇంకో వరుస లేదు. ఇలా ఉంటే రెండు రకాలు కావచ్చు. లోను కట్టేశారు, కానీ రిలీజ్ కాగితం రిజిస్టర్ చేయించుకోలేదు. లేదా లోను ఇంకా ఉంది. మొదటిది అయితే 2010 నాటి అసలు దస్తావేజు అమ్మేవాడి చేతిలో ఉండాలి, బ్యాంకు ఇచ్చిన నో డ్యూ లెటర్ ఉండాలి. "ఒరిజినల్ పోయింది భాయ్, సర్టిఫైడ్ కాపీ ఉందిగా" అంటే అక్కడ బయానా ఇవ్వకుండా ఆగడమే మంచిది, ఎందుకంటే పోయిన ఒరిజినల్ చాలాసార్లు ఏదో ఒక బ్యాంకు లాకర్‌లో ఉంటుంది. మీరే ఆ బ్యాంకు బ్రాంచికి పోయి అడగండి. అమ్మేవాడు కూడా వస్తే బ్యాంకు వాళ్లు సులువుగా చెప్తారు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. టైటిల్ డీడ్ బ్యాంకులో పెట్టి లోను తీసుకోవడానికి ప్రతిసారీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పత్రం రాసుకోకుండా ఒరిజినల్ అప్పజెప్పినా చట్టం దాన్ని తాకట్టుగానే చూస్తుంది. అలాంటిది ఈసీలో రాదు. దీనికోసమే 2011 నుంచి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ పనిచేస్తోంది. బ్యాంకులు తమ దగ్గర తాకట్టులో ఉన్న ఆస్తుల వివరాలు అందులో ఎక్కిస్తాయి, కొద్ది ఫీజు కట్టి ఎవరైనా వెతకవచ్చు. ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర ఒరిజినల్ పెట్టి తెచ్చిన అప్పు మాత్రం అందులో కూడా దొరకదు. అందుకే ఒరిజినల్ కాగితం కళ్లారా చూడటం అన్నది పాతకాలం జాగ్రత్త అయినా ఇంకా పనికొస్తుంది.

ప్లాటు నంబరుతో ఆగకండి

పై ఈసీ 2010లో మొదలైంది. ఎందుకు? ప్లాటు 37 అనేది 2010లో పుట్టింది కాబట్టి. అంతకు ముందు అది చెరకు చేను, సర్వే నంబరు 112లో ఒక భాగం. ప్లాటు నంబరుతో వెతికితే చేను చరిత్ర రాదు. అమ్మేవాళ్లు దాదాపు ఎప్పుడూ ప్లాటు ఈసీ మాత్రమే ఇస్తారు. మోసం చేయాలని కాదు, వాళ్లకు కూడా అంతే తెలుసు. కొనేవాళ్లు సర్వే నంబరుతో 1983 నుంచి ఇంకో ఈసీ తీసుకోవాలి.

సర్వే నంబరుతో వెతికేటప్పుడు బై నంబర్లు కూడా వేసి చూడాలి. 112, 112/1, 112/అ, 112/ఆ, ఇలా. ఒక దస్తావేజులో 112/1 అని, ఇంకోదాంట్లో 112/అ అని రాసి ఉంటే రెండూ ఒకే భూమి అయినా సూచికలో వేర్వేరుగా పడతాయి. ఊరి పేరు స్పెల్లింగ్ మారినా అంతే.

మన ఉదాహరణలో సర్వే 112 మీద తీసిన ఈసీలో రెండు పాత వరుసలు దొరికాయి. 1996లో ముగ్గురు అన్నదమ్ములు పార్టిషన్ డీడ్ చేసుకున్నారు, ఆరు ఎకరాలు తలా రెండు ఎకరాలు. 2008లో వాళ్లలో ఒక తమ్ముడు తన రెండు ఎకరాలను ఏజీపీఏ, అంటే అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ, రియల్ వ్యాపారికి రాసిచ్చాడు. ఆ వ్యాపారే 2010లో ప్లాటు అమ్మాడు. ఇక్కడ ఒక మాట. అగ్రిమెంటుతో కలిసిన జీపీఏ ఒకటో పుస్తకంలో ఎక్కుతుంది కాబట్టి ఈసీలో వచ్చింది. ఉత్త జీపీఏ నాలుగో పుస్తకంలో ఉంటుంది, ఈసీలో రాదు. ఎవరైనా "నేను జీపీఏ హోల్డర్‌ని" అంటే ఆ జీపీఏ కాగితం, అది ఇచ్చిన మనిషి బతికి ఉన్నాడా లేదా, రద్దు చేశాడా లేదా, విడిగా చూసుకోవాలి.

ఇప్పుడు 1996 పార్టిషన్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని చదవండి. మొదటి పేజీలోనే ఉంది, "మా తండ్రి మరణానంతరం మాకు సంక్రమించిన భూమి" అని. తండ్రి చనిపోయింది 1991లో. తల్లి అంతకు ముందే లేరు. ముగ్గురు కొడుకుల సంతకాలు ఉన్నాయి. కూతుళ్ల ఊసే లేదు. ఊళ్లో అడిగితే ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారని తెలిసింది, ఒకరు ఆర్మూర్‌లో, ఒకరు నాందేడ్‌లో.

ఆడబిడ్డల వాటా ఏ వరుసలో ఉంది?

ఏ వరుసలోనూ లేదు. విరాసత్ రిజిస్టర్ అయ్యేది కాదు. మనిషి చనిపోయిన క్షణంలోనే వారసులందరికీ వాళ్ల వాళ్ల వాటా వచ్చేస్తుంది, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. కొడుకుకు రెండు భాగాలు, కూతురికి ఒక భాగం. ముగ్గురు కొడుకులు ఆరు భాగాలు, ఇద్దరు కూతుళ్లు రెండు భాగాలు, మొత్తం ఎనిమిది. ఆరు ఎకరాలంటే 240 గుంటలు. ఒక్కో కూతురికి 30 గుంటలు, ఒక్కో కొడుకుకు 60 గుంటలు, అంటే ఎకరంన్నర. కానీ తమ్ముడు రాసిచ్చింది రెండు ఎకరాలు. తనది కాని 20 గుంటలు కూడా అందులో కలిసిపోయాయి. గుంటకు 121 గజాల లెక్కన అది 2,420 గజాలు, 200 గజాల ప్లాట్లు పన్నెండు.

ఆ పన్నెండులో 37 నంబరు ఉందా అని అడగొచ్చు. అసలు సమస్య అదే, ఎవరూ చెప్పలేరు. అక్కచెల్లెళ్లు చేరకుండా జరిగిన పంపకం వాళ్లను కట్టిపడేయదు. సరైన పంపకం జరిగే దాకా వాళ్లకు ప్రతి గుంటలోనూ కొంత హక్కు ఉన్నట్టే లెక్క. ముస్లిం లాలో ఉమ్మడి కుటుంబం, కర్త అన్న పద్ధతి లేదు. అన్న అందరి తరఫునా అమ్మేయలేడు, తన వాటా మాత్రమే అమ్మగలడు. తన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ ఎవరికీ ఇవ్వలేడు, సబ్ రిజిస్ట్రార్ ముద్ర వేసినా సరే.

ఇన్నేళ్లయింది కదా, ఇప్పుడొచ్చి వాళ్లు అడుగుతారా? అడగకపోవచ్చు. అడిగితే కోర్టులో గడువు దాటిందని వాదించడానికి కొనుగోలుదారుకు దారి ఉంది, అయితే సహవాటాదారు చేతిలో ఉన్న భూమి అందరి తరఫున ఉన్నట్టే అని అవతలి వకీలు వాదిస్తాడు. ఎవరు గెలుస్తారన్నది తర్వాత సంగతి. కేసు నడిచినన్ని రోజులు ఆ ప్లాటు మీద ఇల్లు కట్టుకోవడానికి లోను రాదు, అమ్ముదామంటే కొనేవాడు రాడు. అక్కచెల్లెళ్ల తరఫున చూస్తే వాళ్లు అడిగేది న్యాయమే, అల్లా ఇచ్చిన హక్కే. వాళ్ల హక్కు కొన్నవాడి నెత్తిన వచ్చి పడటమే ఇక్కడ గడబిడ.

పరిష్కారం కష్టమేం కాదు, బయానా ఇవ్వకముందు అయితే. అమ్మేవాడిని అడిగి ఆ ఇద్దరు అక్కచెల్లెళ్లతో రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించాలి, లేదా వాళ్లు సేల్ డీడ్‌లో సంతకం పెట్టాలి. కోరుకుంటే వాళ్లకు వాటా డబ్బు ఇవ్వడం అమ్మేవాడి పని. తండ్రి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తహసీల్దారు ఆఫీసు నుంచి తెప్పించి ఎవరెవరున్నారో చూసుకోవాలి. అందులో కూడా పేరు వదిలేసే వాళ్లు ఉంటారు, అందుకే ఊళ్లో పెద్దలను, మసీదు కమిటీ వాళ్లను ఒకమాట అడగడం దండగ కాదు. 1983కి ముందు లోతుకు పోవాలనుకుంటే పాత పహాణీలు, ముఖ్యంగా 1954-55 ఖాస్రా పహాణీ చూస్తే అప్పుడు భూమి ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

హిబా: ఈసీలో రానిది, కోర్టులో నిలిచేది

విరాసత్ లాగానే ఈసీలో కనిపించని ఇంకోటి హిబా. మామూలుగా స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ ఆస్తి బదలాయింపు చట్టం 129వ సెక్షన్ ముస్లిం లా ప్రకారం ఇచ్చే హిబాను ఆ నియమం నుంచి వదిలేసింది. ఇచ్చేవాడు ఇస్తున్నానని చెప్పాలి, పుచ్చుకునేవాడు ఖబూల్ చేయాలి, కబ్జా అప్పగించాలి. ఈ మూడూ ఉంటే నోటిమాటతో కూడా హిబా అవుతుంది.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. విశాఖపట్నంలో ఒక తండ్రి 1968 ఫిబ్రవరి 5న తన కొడుకుల్లో ఒకరికి హిబా రాసిచ్చారు. కాగితం రిజిస్టర్ చేయలేదు. అదే ఏడాది డిసెంబరులో ఆయన చనిపోయారు. మిగతా వారసుల వైపు నుంచి పంపకం కోసం దావా పడింది. కింది కోర్టు దావా కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, రిజిస్టర్ కాని హిబా కాగితం చెల్లదని వారసుల పక్షాన తీర్పిచ్చింది. చివరకు 2011లో సుప్రీంకోర్టు, హఫీజా బీబీ వర్సెస్ షేక్ ఫరీద్ కేసులో, మూడు షరతులూ ఉన్న హిబాను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన అది రిజిస్టర్ కావాల్సిన పని లేదని చెప్పింది. 1968 నుంచి 2011, నలభై మూడేళ్లు. ఆ కాలంలో ఎవరైనా ఆ ఆస్తి మీద ఈసీ తీసి ఉంటే హిబా ఊసే కనిపించేది కాదు.

కొనేవాడికి ఇది రెండు వైపులా పదునున్న కత్తి. ఈసీలో తండ్రి పేరు మీదే ఉన్న ఇంటిని వారసులందరూ కలిసి మీకు అమ్మితే, రేపు ఒక కొడుకు వచ్చి "అబ్బా నాకు ఎప్పుడో హిబా చేశారు" అనవచ్చు. లేదా ఒక కొడుకు రిజిస్టర్ కాని హిబానామా చూపించి మీకు అమ్మితే, రేపు అక్కచెల్లెళ్లు వచ్చి "ఆ హిబా జరగనేలేదు, కబ్జా ఎప్పుడూ అబ్బా దగ్గరే ఉంది" అనవచ్చు. మొదటిదానికి మందు, ఆ ఇంట్లో లేదా చేనులో నిజంగా ఎవరు ఉన్నారో పోయి చూడటం, పన్ను రశీదు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నాయో చూడటం, అందరు వారసులతో సంతకం తీసుకోవడం. రెండోదానికి, తండ్రి బతికి ఉంటే ఆయనతోనే సేల్ డీడ్ చేయించుకోవడం అన్నిటికన్నా మేలు. లేకపోతే మిగతా వారసులు హిబాను ఒప్పుకుంటూ రిజిస్టర్ పత్రం ఇవ్వాలి. వాళ్లు సంతకం పెట్టడానికి వెనకాడితే, కొనేవాడు కూడా వెనకాడాలి. రిజిస్టర్ కాని హిబా మీద బ్యాంకు లోను ఇవ్వడం కూడా చాలా కష్టం.

నిల్ ఈసీ, ఇంకా మిగిలినవి

"నిల్ ఈసీ వచ్చింది" అని సంబరపడే వాళ్లు ఉన్నారు. ఒక మనిషి ఈ ప్లాటు 2012లో రిజిస్టర్ చేసుకున్నానని చెప్తూ, 2010 నుంచి నిల్ ఈసీ చూపిస్తే అది మంచి వార్త కాదు. ఆయన కొన్న దస్తావేజే అందులో రావాలి కదా. రాలేదంటే తప్పు నంబరుతో వెతికారు, లేదా వేరే ఆఫీసులో రిజిస్టర్ అయింది, లేదా ఆ దస్తావేజు మీదే అనుమానం ఉంది. అలాగే ఈసీలో ఒకే ప్లాటు నంబరు రెండుసార్లు వేర్వేరు మనుషులకు అమ్మినట్టు వస్తే, నాలుగు హద్దులు పక్కపక్కన పెట్టి చూడాలి.

చేను చరిత్రలో 2020 తర్వాతి భాగం ఇంకో చోట ఉంటుంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసుకు, ధరణి పోర్టల్‌కు మారింది. 2025 ఏప్రిల్ నుంచి దాని చోట భూభారతి వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇప్పుడు వ్యవసాయేతర ఆస్తులే. కాబట్టి 2021లో చేనుగా చేతులు మారి, 2023లో నాలా కన్వర్షన్ అయి, తర్వాత ప్లాటుగా అమ్ముడైన భూమికి రెండు చోట్లా చూడాలి. సబ్ రిజిస్ట్రార్ ఈసీలో 2021 అమ్మకం కనపడకపోవచ్చు. చెరకు మీద తీసిన పంట లోను ఉందేమో కూడా ఆ చేను పాస్‌బుక్ పెట్టిన బ్యాంకులోనే అడగాలి.

కోర్టులో పెండింగ్ కేసు, రిజిస్టర్ కాని అగ్రిమెంటు, వసియ్యత్‌నామా, ఇంటిపన్ను బకాయి, ఇవేవీ ఈసీలో ఉంటాయని అనుకోవద్దు. వక్ఫ్ కూడా అంతే. ఒక భూమి వక్ఫ్ అని గెజిట్‌లో వచ్చి ఉన్నా, పాత అమ్మకాలు జరిగిపోయి ఉంటే ఈసీ మామూలుగానే కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల నిషేధిత జాబితా ఉంది, దాన్ని రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోనే సర్వే నంబరుతో చూడవచ్చు. స్మశానం, దర్గా, ఈద్గా పక్కన ఉన్న ప్లాటు అయితే వక్ఫ్ బోర్డు గెజిట్‌ను కూడా విడిగా చూసుకోవడం అవసరం. లేఅవుట్‌కు అనుమతి ఉందా, ఎల్ఆర్ఎస్ కట్టారా అన్నది మరో దారి, ఈసీకి సంబంధం లేదు.

ఇక ఎప్పుడు తీయాలి? బయానా ఇవ్వకముందు ఒకసారి, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే మళ్లీ ఒకసారి. దీనికి కారణం చట్టంలోనే ఉంది. సంతకాలు పెట్టిన దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు ఇవ్వడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది, రిజిస్టర్ అయ్యాక అది సంతకం పెట్టిన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క. అంటే అమ్మేవాడు పోయిన నెలలో ఇంకెవరికో సేల్ డీడ్ మీద సంతకం పెట్టి, అది ఇంకా ఆఫీసుకు రాకుండా ఉంటే, ఈరోజు ఈసీలో కనపడదు, రేపు మీకన్నా ముందు వరసలో నిలబడుతుంది. దీనికి పూర్తి మందు లేదు. ఒరిజినల్ కాగితాలన్నీ బయానా రోజే తీసుకోవడం, అగ్రిమెంటును రిజిస్టర్ చేయించడం, బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య గడువు చిన్నదిగా పెట్టుకోవడం, ఇంతవరకే చేయగలిగేది.

రిజిస్ట్రేషన్ అయిన కొద్ది రోజులకు మీ ప్లాటు నంబరుతోనూ సర్వే నంబరుతోనూ మూడోసారి ఈసీ తీయండి. ఆఖరి వరుసలో `(CL)` పక్కన మీ పేరు, సరైన ప్లాటు నంబరు, సరైన హద్దులు రావాలి. 37 బదులు 73 అని పడి ఉంటే, అమ్మినవాడు ఫోన్ ఎత్తుతున్నప్పుడే సవరణ పత్రం చేయించుకోవాలి.